కోసి చూపిన పరుపు పలకల దొంతరలా కనిపించకుండా: బ్లెండర్‌లో ఫోమ్ పొరలు, కుట్టు ఉబ్బులు, దిండు చేసే పద్ధతి

పరుపు మూలను కోసి లోపలి పొరలను చూపించే 3డి చిత్రం చేస్తే, చివరికి అది మైసూరుపాకు ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు కనిపిస్తోందని చాలామంది పాఠకులు రాస్తున్నారు. వారిలో ఎక్కువమంది ఇంకా మంచి ఫోమ్ టెక్స్చర్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. లోపం సాధారణంగా టెక్స్చర్‌లో ఉండదు. అంచు గుండ్రదనంలో, పొర ముఖంలోని చిన్న ఒంపుల్లో, కుట్టు దగ్గర గుడ్డ నొక్కుకునే తీరులో, వీటన్నిటినీ కనబడేలా చేసే పక్క వెలుతురులో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఆకారానికి, వెలుతురుకు ఎక్కువ చోటు ఇచ్చి, మెటీరియల్‌ను క్లుప్తంగా ముగించాను.

ఉదాహరణగా 78 × 72 అంగుళాలు, 8 అంగుళాల మందం గల ఒక పరుపును మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం. బ్లెండర్ 4 లేదా ఆ తరువాతి వెర్షన్, సైకిల్స్ రెండరర్ ఉన్నాయనుకుని రాస్తున్నాను.

## 1. ముందుగా ఒక చిన్న లెక్క

పని మొదలుపెట్టక ముందే చిత్రంలో ఒక పిక్సెల్‌కు ఎన్ని మిల్లీమీటర్లు వస్తాయో లెక్కకట్టాలి. పరుపు మొత్తం కనిపించే చిత్రంలో ఫ్రేము వెడల్పు సుమారు 2.8 మీటర్లు అనుకుందాం. చిత్రం వెడల్పు 2000 పిక్సెళ్లు అయితే ఒక్కో పిక్సెల్ 1.4 మి.మీ.ని చూపిస్తుంది.

మెమరీ ఫోమ్‌లోని గాలి గదులు అర మిల్లీమీటరు, అంతకంటే చిన్నవి. అల్లిక గుడ్డలో ఒక ముడి దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే ఈ చిత్రంలో ఆ రెండూ కనిపించే అవకాశమే లేదు. అయినా వాటిని బలవంతంగా చూపించాలని టెక్స్చర్ స్కేలును పెంచితే, చూసేవారి కన్ను ఆ రంధ్రాలను బట్టి పరుపు సైజును అంచనా వేస్తుంది. ఆరడుగుల పరుపు అరచేతిలో పట్టే గిన్నెలు తోమే స్పాంజిలా మారిపోతుంది.

అదే 25 సెం.మీ. వెడల్పు మాత్రమే కనిపించే దగ్గరి చిత్రంలో ఒక పిక్సెల్ 0.125 మి.మీ. అవుతుంది. గాలి గదులు, ముడులు, నూగు అక్కడే అవసరం. కాబట్టి దూరపు చిత్రానికి, దగ్గరి చిత్రానికి ఒకే మెటీరియల్ వాడకుండా రెండు వేర్వేరు మెటీరియల్స్ చేసుకోవాలి.

## 2. సేకరించవలసినవి

తయారీదారు నుంచి పొరల వరుస, ప్రతి పొర మందం, రంగు రాతపూర్వకంగా తీసుకోవాలి. వీలైతే ప్రతి ఫోమ్ నుంచి అరచేయంత ముక్క, పై కవరు నుంచి కనీసం రెండు కుట్టు గళ్లు ఉండే ముక్క అడగాలి. ఆ ముక్కలను కిటికీ పక్కన పెట్టి, వెలుతురు పక్క నుంచి వాలుగా పడేలా ఫోన్‌తో తీసిన ఫోటోలు, ఇంటర్నెట్‌లో దొరికే ఏ టెక్స్చర్ కంటే ఎక్కువ పనికొస్తాయి.

మన ఉదాహరణలో పై నుంచి కిందికి పొరలు ఇవి:

- క్విల్టింగ్ చేసిన పై కవరు: 20 మి.మీ.
- మెమరీ ఫోమ్: 40 మి.మీ.
- హెచ్‌ఆర్, అంటే హై రెసిలియెన్స్ ఫోమ్: 60 మి.మీ.
- రీబాండెడ్ ఫోమ్: 80 మి.మీ.

మొత్తం 200 మి.మీ., అంటే సుమారు 8 అంగుళాలు. ఖరీదైన మెమరీ ఫోమ్ పొరను కొంచెం మందంగా చూపించమని కొందరు కోరుతారు. దానికి ఒప్పుకోకపోవడమే మంచిది. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సంగతి అటుంచినా, కొనుగోలుదారు జిప్ తీసి స్కేలు పెట్టి చూస్తే ఆ చిత్రమే ఫిర్యాదుకు ఆధారం అవుతుంది. మెమరీ పొర బాగా కనిపించాలంటే దాని మందం మార్చనవసరం లేదు. దాని పైభాగం ఎక్కువగా బయటపడేలా పై కవరును మరికొంత వెనక్కి కోస్తే చాలు.

మొదలుపెట్టే ముందు సరిచూడవలసినవి:

- పొరల మందాల మొత్తం ప్యాకింగ్ మీద ఉన్న మందానికి సరిపోయిందా?
- ప్రతి ఫోమ్ రంగు ఫోటోలో కాక ముక్క మీద చూసి నమోదు చేశారా?
- క్విల్టింగ్ గడి సైజు, కుట్టు పొడవు కొలిచారా?
- కుట్టు దగ్గర కవరు మందం ఎంతకు తగ్గుతోందో చూశారా?

చివరిది చాలామంది వదిలేస్తారు. ఐదో దశలో అదే కీలకం.

## 3. పొరలను కట్టడం

సీను యూనిట్లు Metric లో ఉంచి, అసలు కొలతలతోనే కట్టాలి. గుడ్డ సిమ్యులేషన్, ఫోమ్ లోపలికి వెలుతురు దిగే లోతు రెండూ నిజమైన సైజు మీద ఆధారపడతాయి. ఆబ్జెక్టును సాగదీసి ఉంటే Ctrl+A నొక్కి Scale అప్లై చేయాలి.

క్యూబ్ పెట్టి, బూలియన్‌తో మూల కోసి, తరువాత అంచులకు బెవెల్ పెట్టే పద్ధతిని నేను సిఫారసు చేయను. బూలియన్ తరువాత అంచుల దగ్గర మెష్ చిందరవందర అవుతుంది, బెవెల్ సరిగా కూర్చోదు, విసిగిపోయి చివరికి అంచులను పదునుగానే వదిలేస్తారు. పలకల దొంతర పుట్టేది సరిగ్గా అక్కడే.

దానికి బదులు ప్రతి పొరను పై నుంచి చూసిన నక్షాలా ఒక బెజియర్ కర్వ్‌గా గీయాలి. కర్వ్ సెట్టింగుల్లో 2D ఎంచుకుని Fill Mode ను Both చేస్తే, Extrude మందాన్ని, Bevel Depth అంచు గుండ్రదనాన్ని ఇస్తాయి. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి: Extrude రెండు వైపులా పెరుగుతుంది, బెవెల్ ఆ మందానికి అదనంగా చేరుతుంది. కాబట్టి

మొత్తం మందం = 2 × (Extrude + Bevel Depth)

ఈ లెక్కన మన మూడు పొరలకు విలువలు ఇలా వస్తాయి:

- మెమరీ ఫోమ్: బెవెల్ 8 మి.మీ., ఎక్స్‌ట్రూడ్ 12 మి.మీ.
- హెచ్‌ఆర్ ఫోమ్: బెవెల్ 4 మి.మీ., ఎక్స్‌ట్రూడ్ 26 మి.మీ.
- రీబాండెడ్ ఫోమ్: బెవెల్ 1.5 మి.మీ., ఎక్స్‌ట్రూడ్ 38.5 మి.మీ.

బెవెల్ నక్షాను కూడా బయటికి పెంచుతుంది కనుక, Offset లో అదే విలువను మైనస్‌తో ఇవ్వాలి. మూడు పొరలకు మూడు వేర్వేరు గుండ్రదనాలు ఉండటం యాదృచ్ఛికం కాదు. మెత్తటి పొర అంచు ఒరిగి గుండ్రంగా, గట్టి పొర అంచు పదునుగా ఉంటే, పక్కన పేర్లు రాయకపోయినా ఏది మెత్తనిదో చూసేవారికి తెలిసిపోతుంది.

కోత ఆకారం విషయానికి వస్తే, మూలలో లంబకోణంలో కోసిన మెట్ల కంటే కాస్త వంపు తిరిగిన కోత బాగుంటుంది. అడుగున ఉన్న రీబాండెడ్ పొర మూల దాకా పూర్తిగా ఉండాలి. హెచ్‌ఆర్ పొర మూల నుంచి సుమారు 12 సెం.మీ., మెమరీ పొర 23 సెం.మీ., పై కవరు 37 సెం.మీ. వెనక్కి ఉండాలి. మెట్ల వెడల్పులు 12, 11, 14గా రావడం కావాలని పెట్టినదే. మూడూ సమానమైతే అది గుడి మెట్లలా బిగుసుకుపోతుంది.

కవరు కింద దాగిపోయే ఫోమ్‌ను కట్టనవసరం లేదు. లోపలి పొరలను మూల నుంచి 90 × 90 సెం.మీ. మేరకే చేస్తే మెష్ తేలికగా ఉంటుంది, కంప్యూటర్ మొరాయించదు.

## 4. కోత ముఖానికి ప్రాణం పోయడం

కర్వ్‌లను మెష్‌గా మార్చి, Remesh మాడిఫయర్‌లో Voxel Size 2 మి.మీ. పెట్టాలి. దాని తరువాత Displace మాడిఫయర్ చేర్చి, Clouds టెక్స్చర్‌ను 15 సెం.మీ. సైజులో, Strength 3 మి.మీ.గా ఇవ్వాలి. కోత ముఖం తిన్నని గోడలా కాకుండా చాలా నెమ్మదిగా లోపలికీ బయటికీ కదులుతుంది. ఈ కదలిక విడిగా కంటికి తెలియకూడదు. పక్క వెలుతురు పడినప్పుడు ముఖం మీద నీడ ఒకే మోతాదులో లేకపోవడంగా మాత్రమే తెలియాలి.

Displace లో Coordinates ను Global గా ఉంచడం అవసరం. Local లో వదిలేస్తే అన్ని పొరలూ ఒకే చోట ఉబ్బి ఒకే చోట లోపలికి పోతాయి. అవి వేర్వేరు ఫోములన్న భావన పోతుంది.

ఇక పొర మీద పొర కూర్చున్న చోటు. పై పొర అంచు వెంబడి కింది పొరను స్కల్ప్ట్ మోడ్‌లో 1 నుంచి 2 మి.మీ. లోపలికి నొక్కాలి. నిజానికి ఇంత పలుచని ఫోమ్ బరువుకు కింది ఫోమ్ అంతగా నొక్కుకోదు. అయినా ఈ చిన్న నొక్కు వల్ల ఏర్పడే నీడ గీత లేకపోతే పొరలు ఒకదానిపై ఒకటి ఆనినట్టు కాకుండా తేలినట్టు కనిపిస్తాయి. చిత్రానికి అవసరమైన ఈ మాత్రం స్వేచ్ఛను తీసుకోవచ్చు, ఎందుకంటే ఇది పొర మందం గురించి ఏ అబద్ధమూ చెప్పదు.

ప్రతి ఫోమ్ కోతకు తనదైన లక్షణం ఉంటుంది.

మెమరీ ఫోమ్ కోత నున్నగా, దాదాపు గింజలు లేకుండా ఉంటుంది. దూరపు చిత్రంలో దీనికి టెక్స్చర్ ఏమీ ఇవ్వకపోవడమే ఉత్తమం.

హెచ్‌ఆర్ ఫోమ్ గాలి గదులు ఒకే సైజులో ఉండవు. చిన్నవాటి మధ్య అక్కడక్కడ పెద్దవి కనిపిస్తాయి. చాలా తక్కువ బలంతో రెండు సైజుల నాయిస్‌ను కలిపి బంప్‌గా ఇస్తే సరిపోతుంది.

రీబాండెడ్ ఫోమ్ అంటే ఫోమ్ తుక్కును జిగురుతో కలిపి, నొక్కి అతికించిన దిమ్మ. దీనిలోని రంగురంగుల ముక్కలు సెంటీమీటరు స్థాయిలో ఉంటాయి కాబట్టి దూరపు చిత్రంలోనూ కనిపించాలి. Voronoi టెక్స్చర్ Scale 80 పెడితే ముక్కలు సుమారు 12 మి.మీ. వస్తాయి. Mapping లో Z స్కేలును 1.5 చుట్టూ పెంచితే ముక్కలు కొద్దిగా అణిగి, నొక్కినట్టు కనిపిస్తాయి. ముక్కల మధ్య సందులకు Distance to Edge ను బంప్‌గా వాడాలి.

వీటన్నిటికీ టెక్స్చర్ కోఆర్డినేట్లు Object నుంచే తీసుకోవాలి, UV నుంచి కాదు. అప్పుడు రీబాండెడ్ ముక్క ఒకటి పైముఖంలో మొదలై, అంచు దాటి, కోత ముఖంలోకి కొనసాగుతుంది. అది దిమ్మను నిజంగా కోశారన్న నమ్మకాన్ని ఇస్తుంది. UV మీద ఫోటో అంటిస్తే రెండు ముఖాలూ అంచు దగ్గర తెగిపోయి, అట్టపెట్టెకు రంగు కాగితం అతికించినట్టు అవుతుంది.

మీ పరుపులో లేటెక్స్ పొర ఉంటే ఒక జాగ్రత్త. దాని రంధ్రాలు పై నుంచి కిందికి నిలువుగా దిగుతాయి. అందువల్ల పైముఖంలో అవి గుండ్రని చుక్కలుగా, కోత ముఖంలో సగానికి చీలిన నిలువు కాలువలుగా కనిపించాలి. పక్కముఖం మీద గుండ్రని చుక్కలు వేసిన చిత్రాలు మార్కెట్‌లో ఎన్నో ఉన్నాయి. ఫోమ్ తెలిసినవారు వాటిని చూడగానే పట్టేస్తారు.

## 5. క్విల్టింగ్: ఎక్కువ సమయం ఇవ్వవలసిన దశ

పై కవరు ఒకే గుడ్డ కాదు. అల్లిక గుడ్డ, దాని కింద మెత్తటి పలుచని ఫోమ్, అడుగున నేయని గుడ్డ, ఈ మూడింటినీ కలిపి కుడతారు. గడి మధ్యలో 20 మి.మీ. ఉన్న మందం కుట్టు దగ్గర 7 మి.మీ.కు దిగిపోవచ్చు. అంటే కోసిన చోట కవరు అంచు తిన్నని పట్టీలా కాకుండా ఉబ్బుతూ, నొక్కుకుంటూ అలల్లా సాగాలి. చిత్రంలో మెత్తదనాన్ని అందరికంటే ముందు చెప్పేది ఈ అలల అంచే. నార్మల్ మ్యాప్ ఈ పని చేయలేదు. అది నీడను మారుస్తుంది గానీ ఆకారపు అంచును మార్చదు.

చేయవలసిన క్రమం ఇది:

1. పరుపు కంటే ప్రతి వైపు 45 సెం.మీ. పెద్దదైన గ్రిడ్ తీసుకుని, ఒక్కో గడి 1 సెం.మీ. ఉండేలా విభజించి, ఎడిట్ మోడ్‌లో 45 డిగ్రీలు తిప్పాలి.
2. ప్రతి 12వ గీతను రెండు దిశల్లోనూ ఎంచుకుని ఒక వెర్టెక్స్ గ్రూపుగా చేయాలి. ఇవే కుట్టు గీతలు. గళ్లు డైమండ్ ఆకారంలో వస్తాయి.
3. పరుపు నక్షాను పై నుంచి Knife Project తో దించి, బయటి భాగాన్ని, మూలలో కోత భాగాన్ని తొలగించాలి. పరుపు చుట్టుకొలత అంచును కూడా అదే గ్రూపులో చేర్చాలి. మూలలోని కోత అంచును చేర్చకూడదు.
4. Cloth ఫిజిక్స్ చేర్చి, Pin Group లో ఆ గ్రూపును, Field Weights లో Gravity ని 0గా ఇవ్వాలి.
5. Pressure ను 3 దగ్గర మొదలుపెట్టి, గడి మధ్యలో ఉబ్బు 12 నుంచి 13 మి.మీ. వచ్చేదాకా కొద్దికొద్దిగా మార్చాలి.
6. Shrinking Factor ను మైనస్ 0.03 నుంచి 0.05 మధ్య ఉంచాలి. మైనస్ విలువ గుడ్డను కాస్త పెంచుతుంది. ఆ అదనపు గుడ్డే కుట్టు పక్కన చిన్న ముడతలుగా చేరుతుంది.
7. ఉబ్బు నిలకడకు వచ్చిన ఫ్రేములో మాడిఫయర్‌ను అప్లై చేసి, Subdivision Surface పెట్టాలి.

గ్రిడ్‌ను పెద్దదిగా తీసుకుని తరువాత కోయమనడానికి కారణం ఉంది. కర్మాగారంలో క్విల్టింగ్ పొడవాటి చుట్టగా తయారై, తరువాత సైజుకు కోయబడుతుంది. అందువల్ల గళ్లు పరుపు అంచు దగ్గర ఎక్కడపడితే అక్కడ తెగుతాయి. నాలుగు వైపులా సరిగ్గా సగం గడితో ముగిసే చిత్రం అందంగా ఉన్నా అసలు వస్తువులా ఉండదు.

కుట్టు గీతలను కూడా పూర్తిగా తిన్నగా వదలకూడదు. పిన్ గ్రూపు గీతలను సిమ్యులేషన్‌కు ముందే ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర పక్కకు కదపాలి. దారం కుట్లు దగ్గరి చిత్రానికి మాత్రమే విడిగా చేయాలి.

కోత అంచులో కవరు మందం కనిపించాలి కదా. దానికోసం ఈ ఉపరితలం అంచును కిందికి ఎక్స్‌ట్రూడ్ చేసి, కొత్త అంచును మెమరీ ఫోమ్ పైముఖం ఎత్తుకు చదును చేయాలి. పైవైపు 1 మి.మీ. గుడ్డ, మధ్యలో తెల్లటి ఫోమ్, అడుగున సన్నని నేయని గుడ్డ గీత, ఇలా మూడు మెటీరియల్స్ ఇస్తే సరిపోతుంది. పై గుడ్డ ఒక్కదాన్ని మూల దగ్గర 3, 4 సెం.మీ. మేర వెనక్కి చుట్టినట్టు మలిస్తే గుడ్డ పలుచదనం, ఫోమ్ మందం పక్కపక్కనే తెలుస్తాయి.

## 6. పక్క పట్టీ, పైపింగ్

పరుపు పక్క గుడ్డ నిటారు గోడ కాదు. మధ్య ఎత్తులో 4, 5 మి.మీ. బయటికి ఉబ్బి, పైన, కింద పైపింగ్ దగ్గర లోపలికి లాగినట్టు ఉండాలి. పైపింగ్‌ను 4 మి.మీ. వ్యాసార్ధం గల కర్వ్‌గా చేసి, దాని బిందువులను చేత్తో కొద్దిగా పైకీ కిందికీ జరపాలి. కోత మొదలయ్యే చోట పైపింగ్ తెగిన కొన కనిపించాలి. చాలా చిత్రాల్లో అది గాలిలో మాయమవుతుంది.

## 7. మెటీరియల్స్

తెల్ల గుడ్డకు పూర్తి తెలుపు ఇవ్వకూడదు. Base Color విలువ 0.75 నుంచి 0.8 మధ్య ఉంటేనే ఉబ్బుల మీద వెలుతురు మెట్లు మెట్లుగా మారడానికి చోటు మిగులుతుంది. Roughness 0.85, Sheen Weight 0.2 నుంచి 0.3 మంచి ఆరంభం. షీన్ వల్ల గుడ్డ ఒంపు తిరిగే అంచుల్లో లేత వెలుగు చేరి నూగు ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని 0.6 దాటిస్తే మాత్రం అల్లిక గుడ్డ వెల్వెట్‌గా మారుతుంది.

ఫోమ్‌కు Subsurface అవసరం. మెమరీ ఫోమ్‌కు Scale 8 మి.మీ., హెచ్‌ఆర్‌కు 5 మి.మీ., రీబాండెడ్‌కు 2 మి.మీ. లేదా అంతకంటే తక్కువ ఇచ్చి చూడాలి. ఇది ఎక్కువైతే ఫోమ్ మైనంలా, సబ్బులా కనిపిస్తుంది. అంచు నీడ ఇంకా తెలుస్తున్నంత వరకే పెంచాలి.

## 8. వెలుతురు, కెమెరా

ఇంతవరకూ చేసిన ఒంపులన్నీ ముందు నుంచి పడే చదును వెలుతురులో మాయమవుతాయి. ముఖ్యమైన దీపాన్ని పరుపు వెనుక ఎడమ పక్కన పెట్టి, పై ఉపరితలానికి సుమారు 20 డిగ్రీల వాలులో వెలుగు పడేలా చూడాలి. పరుపు నుంచి 2.5 మీటర్ల దూరంలో ఉంటే దాని ఎత్తు పరుపు మీది నుంచి దాదాపు 90 సెం.మీ. అవుతుంది. 2 × 1 మీటరు ఏరియా లైటు తీసుకుంటే నీడ ఉంటుంది, కానీ దాని అంచు మెత్తగా ఉంటుంది.

కోత ముఖం కెమెరా వైపు ఉంటుంది కాబట్టి వెనుక దీపం దాన్ని చేరదు. దానికోసం ముందు కుడి వైపు నుంచి, ముఖ్య దీపం శక్తిలో నాలుగో వంతుతో, పెద్ద దీపం ఒకటి కావాలి. ఈ రెండో దీపాన్ని కెమెరా పక్కనే పెట్టకూడదు. కోత ముఖానికి పక్కగా ఉంచితేనే నాలుగో దశలో చేసిన కదలికలు బయటపడతాయి.

పరిశీలనకు చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి, చిన్నదిగా చేసి చూడాలి. పైముఖం, కోత ముఖం, పక్క పట్టీ మూడూ మూడు వేర్వేరు బూడిద స్థాయిల్లో ఉండాలి. ఏ రెండు కలిసిపోయినా మూల చదునవుతుంది. మళ్లీ మెటీరియల్ జోలికి పోకుండా రెండో దీపం స్థానం మార్చి దాన్ని సరిచేయాలి.

కెమెరాకు 85 మి.మీ. లెన్సు వాడితే, 2.8 మీటర్ల ఫ్రేముకు దూరం సుమారు 6.6 మీటర్లు అవుతుంది. 24 మి.మీ. లెన్సుతో అదే ఫ్రేముకు రెండు మీటర్ల లోపే నిలబడాలి. అప్పుడు దగ్గరి మూల ఉబ్బిపోయి, వెనుక భాగం సన్నబడి, పరుపు మందం మీద అపోహ కలుగుతుంది. కెమెరాను 20 నుంచి 25 డిగ్రీలు కిందికి వంచితే పైముఖం, మెట్ల ముఖాలు రెండూ సమంగా కనిపిస్తాయి.

## 9. దిండు

పీచు నింపిన దిండుకు, అచ్చు ఫోమ్ దిండుకు ఒకే పద్ధతి పనిచేయదు. అచ్చు ఫోమ్ దిండును మూడో దశలోని కర్వ్ పద్ధతితోనే, చాలా పెద్ద బెవెల్‌తో చేయవచ్చు. జిప్ సగం తీసి లోపలి ఫోమ్ కనిపించేలా చూపడం, దిండును మధ్యలో కోయడం కంటే సహజంగా ఉంటుంది.

పీచు దిండుకు 17 × 27 అంగుళాలు, అంటే 43 × 69 సెం.మీ. కొలతతో, 1 సెం.మీ. ఎత్తు గల పలుచని పెట్టెను తీసుకుని 7 మి.మీ. గళ్లుగా విభజించాలి. Cloth లో Gravity 0, Pressure 4 చుట్టూ, Self Collisions ఆన్ చేసి ఉబ్బించాలి. మూలలు చెవుల్లా మొనదేలి, వాటి నుంచి ముడతలు లోపలికి పరుచుకుంటాయి. ఉబ్బిన తరువాత దిండు నక్షాలో కొన్ని సెంటీమీటర్లు చిన్నదవుతుంది. దాన్ని సాగదీసి 69కి తేవద్దు. దిండు సైజు కవరును చదునుగా పరిచి కొలిచినదే.

తరువాత Gravity ని 1 చేసి, ప్రెషర్‌ను సగానికి తగ్గించి, పరుపుకు Collision ఇచ్చి దిండును దానిపైకి వదలాలి. దిండు అడుగు చదునవుతుంది. పరుపు మాత్రం దానంతట అది నొక్కుకోదు. దిండు కింద ఉపరితలాన్ని Proportional Editing తో 8 మి.మీ. దించి, చుట్టూ 10 సెం.మీ. మేర నెమ్మదిగా పైకి కలపాలి. ఈ రెండు నొక్కులూ కలిసినప్పుడే దిండుకు బరువు, పరుపుకు మెత్తదనం వస్తాయి.

## 10. తరచూ వచ్చే లోపాలు, వాటి దిద్దుబాటు

గుడ్డ మీద అల్లిక మాయమై ప్లాస్టిక్‌లా ఉంది. డీనాయిజర్ సన్నని వివరాన్ని తుడిచేసి ఉంటుంది. శాంపిళ్లను పెంచి, డీనాయిజర్‌కు Albedo, Normal రెండూ అందేలా చూడాలి. ఇంకా తగ్గకపోతే డీనాయిజ్ చేసిన చిత్రాన్ని, చేయనిదాన్ని 70, 30 పాళ్లలో కలపాలి.

క్విల్టింగ్ గాలిదిండులా బిగుసుకుపోయింది. ప్రెషర్ ఎక్కువైంది. దాన్ని తగ్గించి, Shrinking Factor ను మరికొంత మైనస్ వైపు జరపాలి. ఉబ్బుతో పాటు ముడతలు ఉంటే గుడ్డ, ముడతలు లేకుండా ఉబ్బు మాత్రమే ఉంటే బెలూన్.

తెల్ల గుడ్డ మురికి బూడిదగా వచ్చింది. బ్లెండర్ 4 నుంచి View Transform అప్రమేయంగా AgX గా ఉంటుంది. అది తెలుపును కొంత అణచుతుంది. ముందు ఎక్స్‌పోజర్ పెంచి చూడాలి. వస్తువు రంగు కచ్చితంగా ఉండాలంటే Standard కు మారి, దీపాలను తగ్గించుకోవాలి. గుడ్డ మీద అత్యంత ప్రకాశవంతమైన చోటు 255లో 240 దాటకుండా చూడాలి.

పొరల మధ్య సన్నని నల్ల గీత ఒకే మందంలో చుట్టూ తిరుగుతోంది. పొరల మధ్య సమానమైన ఖాళీ వదిలారు. పై పొరను 1 మి.మీ. కిందికి దించి, కింది పొరలోకి అక్కడక్కడ దిగేలా చేస్తే గీత తెగుతూ, కలుస్తూ సహజంగా మారుతుంది.

పొరలను గాలిలో విడదీసి చూపమన్నారు. అలాంటి చిత్రంలో ఆనికలు, నొక్కులు ఉండవు కాబట్టి పలకల రూపం తిరిగి వస్తుంది. మెమరీ పొర చివరలను 10, 15 మి.మీ. కిందికి వాల్చి, కింది పొర మీద పై పొర నీడ పడేలా ఉంచితే కొంతవరకు నయం. రీబాండెడ్ పొరను వాల్చకూడదు.

తెల్లటి నేపథ్యంలో తెల్ల పరుపు అంచు కనిపించడం లేదు. అమెజాన్ వంటి చోట్ల ప్రధాన చిత్రానికి నేపథ్యం 255, 255, 255 ఉండాలన్న నియమం ఉంది. సీనులోనే తెల్ల గోడలు పెడితే ఆ తెలుపు పరుపు అంచుల మీదికి పొంగి ఆకారాన్ని మింగేస్తుంది. రెండర్ సెట్టింగుల్లోని Film కింద Transparent ఆన్ చేసి, World ను నడిమి బూడిద రంగులో ఉంచి, పరుపుకు రెండు పక్కలా కెమెరాకు కనిపించకుండా ముదురు పలకలు నిలబెట్టాలి. పరుపు అంచులు వాటిని అందుకుని సన్నగా ముదురుతాయి. రెండర్ పూర్తయ్యాక తెల్ల నేపథ్యాన్ని కంపోజిటర్‌లో వెనుక చేర్చాలి. నేల నీడ కోసం ఒక తలాన్ని Shadow Catcher గా పెట్టాలి; ఆ నీడ ఫ్రేము అంచుకు చేరేలోపే పూర్తి తెలుపులో కలిసిపోయిందో లేదో పిక్సెల్ విలువ చూసి నిర్ధారించుకోవాలి.

చిత్రాన్ని పంపే ముందు:

- ఫోన్ తెర మీద, వేలెడంత సైజులో నాలుగు పొరలూ విడివిడిగా తెలుస్తున్నాయా?
- కవరు కోత అంచు అలలుగా ఉందా?
- రీబాండెడ్ ముక్కలు అంచు దాటి కొనసాగుతున్నాయా?
- పైపింగ్ తెగిన కొన కనిపిస్తోందా?
- చిత్రంలో పొరల మందాల నిష్పత్తి 20, 40, 60, 80కి సరిపోతోందా? దీన్ని కంటితో కాకుండా కోత ముఖానికి ఎదురుగా పెట్టిన ఆర్థోగ్రాఫిక్ కెమెరాతో కొలవాలి, ఎందుకంటే వంచిన కెమెరాలో దగ్గరి పొర ఎప్పుడూ కొంచెం మందంగానే కనిపిస్తుంది.